ఇరవై నాలుగు పేజీల పచ్చగౌను

పదకొండో పేజీలో కనక గౌను మళ్ళీ మారిపోయింది.

"నీ దుంపతెగ!" అంది సుజానా కంప్యూటర్ని. దానికేం చీమ కుట్టినట్టైనా లేదు. నిన్నటిదాకా గుండ్రంగా ఉన్న గౌను కాలరు ఈపూట కోసుగా వచ్చింది. మూడు తెల్ల బొత్తాలు ఐదయ్యాయి. బుట్టచేతులు ఏ గాలికి కొట్టుకుపోయాయో గాని, బొమ్మలోని పిల్ల రెండు చేతులూ భుజాలదాకా బోసిగా ఉన్నాయి.

అరకు రైల్వే స్టేషన్‌కి వెళ్ళే దారిలో, కాఫీపొడి కొట్టుకీ సెల్‌ఫోన్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న జిరాక్సు కొట్టు సుజానాది. ఆధార్ కాయితాలూ, పెళ్ళి కార్డులూ, చర్చి కరపత్రాలూ అచ్చువేసుకుంటూ పదేళ్ళు గడిపిన మనిషి. అలాంటిదానికి విశాఖలోని ఒక ట్రస్టువాళ్ళు పిల్లల పుస్తకం అప్పజెప్పారు. కథ కొండవాళ్ళు మాట్లాడే కువి భాషలో ఒకవైపు, తెలుగులో మరోవైపు. పేరు 'కనక చూసిన ఏడాది'. కొండమీద బొడ్డగుడ బడిలో టీచరు నిర్మల రాసింది. కనక అనే ఎనిమిదేళ్ళ గుంట విత్తులు చల్లడం దగ్గర్నించి కాఫీపళ్ళు కోయడం దాకా ఏడాదంతా కొండని చూస్తుంది. అదీ కథ. బొమ్మలు గీయించడానికి మనిషిని పెట్టే తాహతు లేదు కాబట్టి, చెబితే బొమ్మలు గీసే యాప్‌తో సుజానా చేసిపెట్టాలి.

చేస్తే, పుస్తకం మొదటి పేజీలో 'బొమ్మలు: సుజానా' అని పడుతుంది. ముప్ఫై మూడేళ్ళొచ్చాయి, ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ అచ్చేసింది గాని, తన పేరు ఒక్కసారీ ఎక్కడా అచ్చుకాలేదు. ఆ ఒక్క లైను కోసం మూడువారాలుగా తిండీ నిద్రా మానుకుని ఆ యంత్రంతో కుస్తీ పడుతోంది.

కుస్తీ అంటే మామూలు కుస్తీ కాదు. చూసేవాళ్ళకేం, మీట నొక్కితే బొమ్మ రాలుతుందనుకుంటారు. రాలుతుంది, ఎందుకు రాలదు? కానీ దానికి నిన్న గీసిన బొమ్మ ఈరోజు గుర్తుండదు. ప్రతి పేజీ దానికి కొత్త పుట్టుకే. వానలో నడిచే కనకని గియ్యమంటే గౌనుమీద రెయిన్‌కోటు తొడిగింది. ధింసా ఆటలో నిలబెట్టమంటే గౌను పీకేసి చీర కట్టి, తలనిండా పువ్వులు కుక్కింది. సాయంత్రపు ఎండ అని రాస్తే చిగురుపచ్చ గౌను సీసాపచ్చ అయిపోయింది. పోనీ కదాని ముందు పేజీ బొమ్మనే చూపించి దీనిలాగే గియ్యమంటే, దాని తప్పు దీనికీ, దీని తప్పు పక్కదానికీ అంటుకుంటూపోయి, పదో పేజీకల్లా కాలరు కాస్తా కండువా అయి కూర్చుంది. తలప్రాణం తోకకొచ్చింది సుజానాకి.

చివరికి ఉపాయం దొరికింది. కనకని ముందునుంచీ, పక్కనుంచీ, వెనకనుంచీ నిలువునా చూపించే నమూనా బొమ్మ ఒకటి తయారుచేసుకుంది. ప్రతి పేజీకీ మళ్ళీ మొదటికొచ్చి ఆ నమూనానే జతచేసేది. గౌను గురించి నలభై మాటలు రాసుకుని, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా ప్రతి పేజీకీ అవే మాటలు అతికించేది. ధింసా అన్న మాట తీసేసి 'చేతులు పట్టుకుని వరసగా ఆడుతున్నారు' అని రాసింది. అప్పటికీ తప్పొస్తే, ఆ కాలరు వరకో, ఆ చెయ్యి వరకో గీత గీసి, ఆ ముక్క మాత్రమే మళ్ళీ గీయించేది. అలా చచ్చీ చెడీ ఇరవై నాలుగు పేజీల్లోనూ ఒక్కటే గౌను నిలబెట్టింది. చిగురుపచ్చ రంగు, మీద చిన్న చిన్న తెల్ల పువ్వులు, గుండ్రటి కాలరు, మూడు బొత్తాలు, బుట్టచేతులు, వెనక ముడివేసే రెండు నాడాలు. ఆ గౌను ఎక్కడనుంచి తట్టిందో తనకే తెలీదు. కళ్ళు మూసుకుంటే కొండపిల్ల అలా కనబడింది, అలా రాసింది, అంతే.

"బెమ్మాండం మేడమ్!" అన్నాడు ఫోన్లో దుర్గాప్రసాద్. ట్రస్టు తరఫున తిరిగేది ఆయనే. "శనివారం బొడ్డగుడ బడిలో చూపించేద్దాం. ఊరివాళ్ళు సరేనని, నిర్మల టీచరు సంతకం పెట్టేస్తే సోమవారం ప్రెస్సుకే. ఆవిడ సంతకం లేందే మాత్రం అచ్చుకి వెళ్ళదు. అది మా రూలు."

"పెట్టకేం చేస్తుందిలెండి," అంది సుజానా. నోటిమాటకి పన్నుండదు కదా.

శనివారం వలిసె చేలు పసుపచ్చగా విరగబూసి ఉన్నాయి. జీపు దిగి బళ్ళోకి వెళ్ళేసరికి పదిహేనుమంది తల్లులు గోడవార కూర్చున్నారు. నిర్మల టీచరు నల్లబల్ల పక్కన నిలబడి ఉంది. నేతచీర, బిగించిన జడ, సుజానా వయసే ఉంటుంది. నమస్కారం పెడితే తిరిగి పెట్టలేదు. పైనుంచి కిందిదాకా ఒక చూపు చూసి, "నువ్వా," అంది. ముక్కూమొహం తెలియని మనిషి మొదటి మాటే నువ్వు అనేసరికి సుజానాకి ఒళ్ళు మండింది. పని ఉంది కదాని మింగింది.

బొమ్మలన్నీ పెద్ద కాయితాలమీద అచ్చుతీసి తెచ్చింది. ఒక్కొక్కటే నేలమీద పరిచింది. తల్లులు వంగి చూశారు. చేను బాగుంది, కొండ బాగుంది, కోడి మరీ బాగుంది అన్నారు. చివరి పేజీకి వచ్చాక చిన్నమ్మి అనే ముసలావిడ గడ్డం గోక్కుంది.

"సూడమ్మా, సెప్పకూడదు గానీ, ఈ గుంటకి ఇంకో గుడ్డ నేదేటి?"

"అంటే?" అంది సుజానా.

"ఇత్తులు జల్లినప్పుడూ ఇదే గౌను. వానలప్పుడూ ఇదే. పండక్కీ ఇదే, సంతకీ ఇదే. ఏడాదంతా ఒకే గుడ్డ కడతాదా? మా గుంటలకి మూడేసి జతలున్నాయి. మరీ గతిలేనోళ్ళమనుకున్నావేటి?"

తక్కిన తల్లులు గొల్లున నవ్వారు. సుజానా మొహం కందగడ్డయింది. ఈ ఒక్క గౌను నిలబెట్టడానికి మూడువారాలు కళ్ళు పొడుచుకుంటే, గతిలేని గౌను అంటారా?

"పిల్లల పుస్తకాల్లో ఇలాగే ఉండాలండీ," అంది. "పేజీ తిప్పగానే ఇదే కనక అని పిల్లలకి తెలియాలంటే బట్టలే ఆనవాలు. బట్టలు మారిపోతే పిల్లలు పోల్చుకోలేరు. ఇది పద్ధతి."

అంతవరకూ నోరెత్తని నిర్మల అప్పుడు కదిలింది. వచ్చి బొమ్మల ముందు గొంతుక్కూర్చుంది. మూడో పేజీమీద అరచెయ్యి పెట్టి గౌను మూసేసింది. మొహం ఒక్కటే మిగిలింది.

"ఇదెవరు?" అంది.

"కనక."

రెండో చేత్తో పదహారో పేజీ గౌను మూసింది. "ఇదెవరు?"

సుజానా వంగి చూసింది. మూడో పేజీలో గుండ్రటి మొహం, చప్పిడి ముక్కు. పదహారో పేజీలో కోలమొహం, సూటి ముక్కు. నిర్మల చేతులు తీసి ఇరవయ్యో పేజీ మూసింది, ఏడో పేజీ మూసింది. ఒక్కోచోట ఒక్కో పిల్ల. ఒకతె పదేళ్ళది, ఒకతె ఐదేళ్ళది. దూరపు బొమ్మల్లోనైతే మొహం అన్నదే లేదు, రెండు చుక్కలూ ఒక గీతా. సుజానా మూడువారాలు బొత్తాలు లెక్కపెట్టింది గాని మొహంకేసి సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

"ఇరవై నాలుగు మంది గుంటల్ని తెచ్చి ఒకే గౌను తొడిగినావు," అంది నిర్మల. "ఆ యంత్రానికి ఏటి సెప్పినావు? ఏటి రాసినావో సదువు, అందరూ ఇంటారు."

"అది ఇంగ్లీషులో ఉంటుంది."

"తెలుగులో సెప్పు మరి. నోరు లేదా?"

దుర్గాప్రసాద్ "మేడమ్, మేడమ్" అంటూ మధ్యలోకి వచ్చాడు. నిర్మల చూసిన చూపుకి మళ్ళీ గోడకి అతుక్కుపోయాడు. సుజానా ఫోను తీసి చదివింది. చిగురుపచ్చ నూలు గౌను, మోకాళ్ళ కిందకి, చిన్న తెల్ల పువ్వులు, గుండ్రటి తెల్ల కాలరు, ముందు మూడు తెల్ల బొత్తాలు, బుట్టచేతులు, నడుముకి వెనక ముడివేసిన రెండు నాడాలు. చదువుతూ ఉంటే అది ఎంతకీ తరగలేదు.

"మొహానికి?"

"గిరిజన బాలిక," అంది సుజానా. "ఎనిమిదేళ్ళు. నవ్వుతూ."

"అంతేనా?"

"అంతే."

ఎవరూ నవ్వలేదు. నిర్మల లేచింది. ఊపిరి తగిలేంత దగ్గరికి వచ్చి సుజానాకి ఎదురుగా నిలబడింది.

"ఈ గౌను నీకు యాడ దొరికిందో నానెరుగుదును. నన్ను ఎగతాళి సెయ్యడానికే ఏసినావు కదా?"

"ఏం మాట్లాడుతున్నారు టీచరు గారూ? మిమ్మల్ని నేను ఈరోజే చూడ్డం!"

"ఈరోజే? నువ్వు హాస్టలు మేట్రన్ వరమ్మ కూతురువి కాదా? మేం అరవై మందిమి సాపలమీద తొంగుంటే, నువ్వు క్వార్టర్లో మంచమ్మీద తొంగునేదానివి కాదా? నీకు ఆదోరానికొక గౌను. మాకు క్రిస్మస్‌కి మిషనోళ్ళు పంచే బట్టల మూటలోంచి ఏడాదికొకటి. పచ్చగౌను గుంటా అని పిలిసేదానివి. పచ్చగౌను గుంటా, నీళ్ళు తే. పచ్చగౌను గుంటా, నా సెప్పులు తే. గుర్తు లేదా?"

గుర్తొచ్చింది. పిడుగు పడ్డట్టు గుర్తొచ్చింది. మిషను హాస్టలు వరండా, వానచినుకులు, బకెట్టు మోసుకొస్తున్న పచ్చగౌను. తెల్ల పువ్వులు, మూడు బొత్తాలు. అదా ఈ గౌను! కళ్ళు మూసుకుంటే కనబడిన కొండపిల్ల అదా! పాతికేళ్ళుగా ఆ గౌను సుజానా లోపల ఎక్కడో మడతపెట్టి ఉంది. అందులోని పిల్ల మాత్రం లేదు.

"అది మీరేనా?" అంది. అనకుండా ఉండాల్సిన మాట అదని అన్న తర్వాత తెలిసింది.

"నానేనా!" నిర్మల నవ్వింది. అది నవ్వు కాదు. "మొదట నాను కాదు. మా అప్ప కనక, నాకన్నా పెద్దది. ఆ గౌను దానిది, హాస్టల్లో సీటు దానిది. వానలప్పుడు జొరమొచ్చి ఇంటికొచ్చింది. ఎనిమిదో రోజుకి పోయింది. సీటు పోతాదని మా అయ్య నన్ను తోలినాడు, ఆ గౌనే తొడిగి. కనకా అని పిలిత్తే పలకమన్నాడు. నాకు ఏడేళ్ళు. బయపడ్డాను, మేట్రనమ్మ పోల్చేత్తాదని, కొట్టేత్తాదని. పోల్చలేదు. క్రిస్మస్ దాకా మీ అమ్మ నన్ను కనకా అనే పిలిసింది. ఒక్కనాడూ మొహం సూడలేదు."

తల్లుల్లో ఎవరో కువిలో ఏదో గొణిగారు. నిర్మల ఆగలేదు.

"క్రిస్మస్‌కి ఎర్రగౌను ఇచ్చినారు. తొడుక్కుని ముందరికెల్తే మీ అమ్మ ఏటందో తెలుసా? 'ఎవరే నువ్వు, కొత్తగా జేరినావా, పేరేటి?' అంది. నిర్మల అన్నాను. రిజిస్టర్లో కొత్తగా రాసుకుంది. కనక పేరు కొట్టేసి పక్కన 'మానేసింది' అని రాసింది. సచ్చిపోయిన గుంట మానేసిందంట! దాని కోసం ఈ కథ రాసినాను. దాన్ని ఏడాదంతా బతికిద్దారని రాసినాను. మీ అమ్మ సేసిందే నువ్వూ సేసినావు. గౌను ఉంటే సాలు, లోపల ఎవురున్నా ఒకటే మీకు."

దుర్గాప్రసాద్ తెచ్చిన సంతకాల కాయితం తీసుకుని, మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. పెన్నువైపు చూడనుకూడా చూడలేదు.

"కనక మొహం తెచ్చి అప్పుడు రండి. మీ అమ్మని అడుగు, మూడేళ్ళు సాకింది కదా."

జీపు ఘాటురోడ్డు దిగుతున్నంతసేపూ దుర్గాప్రసాద్ సణుగుతూనే ఉన్నాడు. ఇంత రాద్ధాంతమా, బొమ్మలే కదా, పై వారానికైనా కాకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు మేడమ్, నా చేతుల్లో లేదు అన్నాడు. సుజానా పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఆ టీచరు మీద కోపం, ఈయన మీద కోపం, యంత్రం మీద కోపం. నేనప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లని, నేనేం చేశానని లోపల్లోపలే దెబ్బలాడింది. ఎంత దెబ్బలాడినా, చెప్పులు తెమ్మన్న గొంతు తనదే.

ఇంటికెళ్ళేసరికి వరమ్మ వరండాలో చోళ్ళు చెరుగుతోంది. డెబ్బై దాటినా కళ్ళజోడు లేకుండా బైబిలు చదివే మనిషి.

"అమ్మా, హాస్టల్లో పచ్చగౌను పిల్ల గుర్తుందా?"

"ఎందుకు లేదే!" అంది వరమ్మ సంబరంగా. "తెల్ల పువ్వుల గౌను. ఆ ఏడు మూటలో వచ్చినవాటిలో అదే మంచి గుడ్డ. బొత్తాం ఊడితే నేనే కుట్టాను. నాడా ఒకటి పొట్టిగా ఉండేది, ఇంకో ముక్క అతికించాను. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోలేదు తల్లీ."

"పిల్ల మొహం ఎలా ఉండేది?"

చేట ఆగింది. వరమ్మ ఆలోచించింది.

"నల్లగా ఉండేది," అంది చివరికి. "మంచి పిల్ల. మాట వినేది."

"మొహం, అమ్మా."

"అరవైమంది పిల్లలే! వండాలి, కడగాలి, పేలు దువ్వాలి. జొరాలొస్తే రాత్రంతా నేనే కూర్చునేదాన్ని. మొహాలు గుర్తుపెట్టుకోవడానికి నేనేమన్నా పోలీసునా?" వరమ్మకి కోపమొచ్చింది. ఆ కోపంలో కొంచెం భయం కూడా ఉంది. "ఎందుకిప్పుడు?"

సుజానా చెప్పింది. ఒక్క ముక్క దాచకుండా, ఎర్రగౌను మాట కూడా చెప్పింది. వరమ్మ లేచి లోపలికెళ్ళి రేకుపెట్టె తెరిచింది. అడుగునుంచి ఒక ఫొటో తీసింది. ఆ ఏడు ఆగస్టు పదిహేనుకి హాస్టలు పిల్లలందరితో తీయించింది. వెనక వరమ్మ చేతిరాతలో వరసలవారీగా పేర్లున్నాయి. రెండో వరస, ఎడమనుంచి నాలుగు: కనక.

సుజానా గుండె ఎగిరి గంతేసింది. రెండో వరస, నాలుగో పిల్ల. రంగులు వెలిసిపోయిన ఆ ఫొటోలో కూడా ఆ చిన్న పువ్వులు తెలుస్తున్నాయి. దొరికింది మొహం! అనేసుకుంది. పుస్తకం దక్కింది, పేరు దక్కింది అనేసుకుంది. వరమ్మ మాత్రం ఫొటోకేసి చూస్తూ, "ఆగస్టంటే వానలే కదే," అని మెల్లగా అంది. సుజానా ఆ మాట విన్నదే గాని పట్టించుకోలేదు.

శుక్రవారం సంతరోజు నిర్మల అరకు వచ్చింది. దుర్గాప్రసాద్ బతిమాలితే వచ్చింది. కొట్టు గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు. సుజానా ఫొటో తీసి చేతిలో పెట్టింది. గెలిచినట్టే పెట్టింది, అబద్ధమెందుకు.

నిర్మల దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇది నానే," అంది.

సుజానా ఫొటో మీదికి వంగింది.

"ఆగస్టుకి అది పోయి నెలయింది. సూడు, భుజాలు జారుతున్నాయి. గౌను నాకు వొదులు. దానికి సరిగ్గా సరిపోయేది." ఫొటో తిరగేసి వెనక పేరు చదివింది. చదివి బల్లమీద పెట్టేసింది. "దాని ఫొటో ఈ లోకంలో ఎక్కడా లేదు. తెలిసే తెమ్మన్నాను. ఎంతదూరం ఎతుకుతావో సూద్దారని."

"అంటే నన్ను ఆడించారా?" సుజానా గొంతు లేచింది. "వారంరోజులు! లేని మొహం తెమ్మంటే ఎక్కడనుంచి తేను? మా అమ్మ తిండి మానేసి కూర్చుంది, తెలుసా మీకు?"

"మా అమ్మ పాతికేళ్ళుగా కూకుంది," అంది నిర్మల.

కొట్టు బయట సంతకి వచ్చిన జనం కేకలు. సుజానా కుర్చీలో కూలబడింది. ఏడుపొచ్చేట్టుంది, కోపమొచ్చేట్టుంది, ఏదీ సరిగ్గా రాలేదు. కాసేపటికి నమూనా బొమ్మ తెరిచింది. నిలువెత్తు కనక. గౌను తెరనిండా, మొహం చింతగింజంత. ఇంత చిన్న మొహం చూపిస్తే ఏ యంత్రమైనా ఏం పోలుస్తుంది? గౌను పోల్చుకుంది, అదే నిలబెట్టింది. చూపించింది తనే కదా. సుజానా ఆ బొమ్మని తీసేసింది. గౌను గురించిన నలభై మాటలూ ఒక్కసారే చెరిపేసింది. తెర ఖాళీ అయింది.

"చెప్పండి," అంది. "మీకు గుర్తుంది కదా. మీరు చెప్పండి, నేను రాస్తాను. మొహం ఒక్కటే, తెరనిండా."

నిర్మల స్టూలు లాక్కుని కూర్చుంది, సుజానాకి మూరెడు దూరంగా.

"నొసలు ఎడల్పు," అంది.

మొదటి బొమ్మ వచ్చింది. బొమ్మల కొట్లో పిల్లలా ఉంది, చక్రాల్లాంటి కళ్ళూ, మెరిసే చర్మమూ. "ఛీ," అంది నిర్మల. సుజానా ఆ మెరుపు పోయే మాటలు రాసింది. మళ్ళీ వచ్చింది. "కాదు." కళ్ళు చిన్నవి, కొనలు కిందికి. "కాదు." ముందు పళ్ళు రెండూ ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయంది నిర్మల. యంత్రం వినదే! ఎన్నిసార్లు చెప్పినా ముత్యాల్లాంటి పలువరసే పెట్టింది. సుజానా నోటిచుట్టూ గీత గీసి, ఆ ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ గీయించింది. తొమ్మిదోసారికి పళ్ళు వంకర తిరిగాయి. కుడి కనుబొమ్మ మీద కొడవలి గాటు. అది పెడితే పళ్ళు మళ్ళీ సరైపోయాయి. "కుక్కతోక!" అని సుజానా తిట్టింది. నిర్మల పెదవి కదిలిందేమో, సరిగ్గా చూడలేదు.

"కాదు." "కాదు." "ఇది మా పెద్దమ్మ లాగుంది. కాదు." మధ్యాహ్నం రైలు వెళ్ళిపోయింది. జిరాక్సులకి వచ్చినవాళ్ళని సుజానా తరిమేసింది. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు మంచినీళ్ళు కూడా ఇచ్చుకోలేదు. చెంప కొంచెం లోపలికి, జొరానికి ముందు నించే అంతే. చెవులు పెద్దవి, అయ్య పోలిక. నవ్వుతున్నట్టు వద్దు, నవ్వబోతున్నట్టు ఉంటాది ఎప్పుడూ. ఆ చివరి మాట ఎలా రాయాలో సుజానాకి తెలీలేదు. నోరు మూసి, కళ్ళు మాత్రం నవ్వుతున్నట్టు రాసింది. పళ్ళు కనబడవే అనుకుని, పెదవి కొద్దిగా విడి అని చేర్చింది.

బొమ్మ వచ్చింది.

నిర్మల 'కాదు' అనలేదు. సుజానా ఎదురుచూసింది. ఎంతకీ అనకపోతే తిరిగి చూసింది. నిర్మల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏడేళ్ళ పిల్లలా కూర్చుని ఉంది. తెరమీద పిల్ల ఆమెకేసే చూస్తోంది. ఇద్దరిదీ ఒకే నొసలు.

ఏదైనా అందామనుకుంది సుజానా. క్షమించమందామా అనుకుంది. అంటే ఆ మనిషి లేచి వెళ్ళిపోతుందని తెలుసు. నోరు మూసుకుని, ఆ మొహాన్ని కొత్త నమూనాగా దాచింది. ఇకమీద ప్రతి పేజీకీ ముందు ఈ మొహం, తర్వాతే ఏ గుడ్డైనా. విత్తులకి ఒకటి, వానలకి ఒకటి, పండక్కి ఇంకొకటి. ఇరవై నాలుగు పేజీలూ మళ్ళీ మొదటినుంచి. చేసితీరాలి.

"ప్రింటు తియ్యి," అంది నిర్మల. "రెండు."

రెండు తీసింది. నిర్మల ఒకదాన్ని నోటుపుస్తకం మధ్య పెట్టుకుంది. ఆరబెట్టినట్టు పైన అరచెయ్యి అద్ది, పుస్తకం మూసింది. రెండోది సుజానా ముందుకి నెట్టింది.

"ఇది మీ అమ్మకియ్యి. ఈ గుంట మానెయ్యలేదని సెప్పు. సచ్చిపోయిందని సెప్పు. ఆ రిజిస్టరు ఎక్కడుందో నాకు తెలీదు, కనీసం ఈ కాయితం ఎనకాల పేరు రాయమను. ఈసారి మొహం సూసి రాయమను."

సుజానా తలూపింది. దుర్గాప్రసాద్ కొట్లో వదిలివెళ్ళిన సంతకాల కాయితాన్ని నిర్మల అడిగి తీసుకుంది. నిలబడే సంతకం పెట్టింది, పెన్ను కాయితాన్ని చింపేస్తుందేమోనన్నంత గట్టిగా. సంతలో కొన్న మూటలూ సంచులూ భుజాన వేసుకుంది. వెళ్ళొస్తానని అనలేదు. గుమ్మం దాటాక ఒక్కసారి ఆగింది గాని వెనక్కి తిరగలేదు.

"ఇంక గౌను ఏ రంగైనా ఏసుకో," అంది.